తిరిగి చెప్పించుకున్నాకే చెప్పినట్టు

శంషాబాద్ పేరెత్తితే ఇప్పుడు ఎవరికైనా విమానాలే గుర్తొస్తాయి. 2008 మార్చికి ముందు మాకది బెంగళూరు రోడ్డు పక్కన ఉన్న పెద్ద ఊరు. ఒక దిక్కు ఉందానగర్ రైల్వే స్టేషను, ఇంకో దిక్కు అమ్మపల్లి రామాలయానికి పోయే బాట, నడుమ బజారు, బజారు వెనక మా వాడలు. మా బంధువర్గమంతా ఆ వాడల్లోనే ఉండేది. కొన్ని ఇళ్లు సాతంరాయిలో, కొన్ని కొత్తూరులో, ఆడపిల్లల్ని ఇచ్చినవి షాద్‌నగర్ దాకా. తిరుపతికి పోవాలంటే ఇంత మందిమీ కలిసి ఒక బస్సు కట్టుకుని పోయేవాళ్లం. ఆ బస్సు కట్టేది మా పెద్దనాయిన.

ఆయన ట్రావెల్స్ వ్యాపారి కాదు, గురుస్వామి కాదు. వ్యవసాయం చేసుకునే మనిషి. ఎవరింట్లో మొక్కు మిగిలిపోయిందో, ఏ పిల్లవాడి పుట్టువెంట్రుకలు తియ్యాలో, ఏ ముసలామె ముడుపు కట్టి ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నదో ఆయనకు తెలుసు. ఆ లెక్కలు నలభై మందికి చేరగానే ఆర్టీసీ డిపోకు పోయి స్పెషల్ బస్సు మాట్లాడి, బయానా కట్టి వచ్చేవాడు. అక్కడినుంచి బస్సు కదిలే దాకా ఆయన చేసే పని ఒక్కటే: టైము చెప్పడం. ఎప్పుడు, ఎక్కడికి, ఎన్నింటికి రావాలన్నది నలభై మందికీ ఒకే తీరుగా చేరెయ్యడం. ఇప్పుడది వేలితో ఒక్కసారి నొక్కితే అయిపోయే పని. అప్పుడు వారం రోజుల పని. అది ఎట్లా జరిగేదో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ఆయన దగ్గర ఎర్ర అట్టల ఖాతా పుస్తకం ఒకటి ఉండేది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పైన ఇంటిపెద్ద పేరు, కింద వచ్చేవాళ్ల పేర్లు, వయసులు, ఇచ్చిన డబ్బులు. పేజీ అడుగున ఒక పేరు కింద గీత గీసి ఉండేది. అది ఇంటిపెద్ద పేరు కాదు. ఆ ఇంట్లో టైము చెప్పాల్సిన మనిషి పేరు. ఒకింట్లో కోడలు, ఒకింట్లో పెళ్లికాని చిన్నకొడుకు, ఇంకో ఇంట్లో నాయినమ్మ. "ఇంటాయనకు చెప్తే ఊ అంటడు, మర్చిపోతడు. అందర్ని లేపి, తానం చేపిచ్చి, తాళమేసి బయటికి తెచ్చేది ఎవరో ఆమెకు చెప్పాలె" అనేవాడు. పెద్దమనిషిని పలకరించి, మర్యాదకు ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి, పోయేటప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి అసలు మాట కోడలికి చెప్పేవాడు. ఏ ఇంట్లో ఎవరి మాట మీద పని నడుస్తుందో అంతగా తెలిసినవాళ్లు ఊళ్లో ఆయన గాక ఇంకెవరూ ఉండరనిపించేది.

చెప్పే టైము ఒకటి కాదు, మూడు. బస్సు కదిలేది సాయంత్రం ఐదింటికనుకుందాం. అందరూ కూడాల్సింది నాలుగున్నరకు. ఇంట్లోంచి బయలెల్లాల్సింది ఆ ఇల్లు ఎంత దూరముంటే అంత ముందు. ఈ మూడోది ఇంటింటికీ మారేది. బజారు వెనక ఇంటికి నాలుగుంబావు. సాతంరాయి వాళ్లకు మూడున్నర, ఎందుకంటే వాళ్లు రోడ్డెక్కి ఇంకో బస్సు పట్టుకుని రావాలి. షాద్‌నగర్ వాళ్లకు ఇంకో లెక్క: బస్సు అటే పోతుంది కనుక వాళ్లు శంషాబాద్ రావద్దు, తమ ఊరి దగ్గరే రోడ్డు మీద ఆరింటికి నిలబడాలి. బస్సు ఐదింటికి అని ఒక్కమాట చెప్పి వదిలేస్తే దూరం లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాలి, అక్కడే తప్పు జరుగుతుంది. అందుకని ఆ లెక్క ఆయనే వేసి, ఒక్కో ఇంటికి ఆ ఇంటి టైమే చెప్పేవాడు. "మీకు మూడున్నర. బస్సు ఎప్పుడన్నది నేను చూస్కుంట."

కూడే చోటు విషయంలోనూ ఆయనకొక పద్ధతి ఉండేది. అందరికీ తెలిసిన చోటు కదాని బస్టాండు అని చెప్పేవాడు కాదు. బస్టాండులో పది ఊళ్లవాళ్లుంటారు, నలుగురు ఒక మూల, ఆరుగురు ఇంకో మూల నిలబడి ఒకరికోసం ఒకరు చూస్తూ కూర్చుంటారు. బస్సు పట్నం దిక్కు నుంచి వచ్చి కర్నూలు దిక్కు పోతుంది కనుక రోడ్డుకు ఎడమ పక్కన, ముసలివాళ్లు రోడ్డు దాటాల్సిన పని లేనిచోట, బస్సు కాసేపు ఆగినా లారీలకు అడ్డం కాని జాగా చూసేవాడు. బజారు దాటాక ఒక వేపచెట్టు ఉండేది. దాని కింద ఎడ్లకు నీళ్లు పెట్టే రాతితొట్టి. "వేపచెట్టు కాడ" అనేవాడు కాదు, ఎందుకంటే ఆ రోడ్డుకు రెండు పక్కలా వేపచెట్లే. "తొట్టి కాడ" అనేవాడు. తొట్టి ఒక్కటే ఉంది. చోటు చెప్పేటప్పుడు అట్లాంటిది ఇంకోటి లేని దాన్నే చెప్పాలని మాకు ఆ తొట్టితోనే తెలిసింది.

వీటన్నిటికంటే ముఖ్యమైంది చివర్న ఉండేది. చెప్పాల్సింది చెప్పాక ఆయన కదిలేవాడు కాదు. "ఏదీ, చెప్పు బిడ్డా. ఏ దినం?" అనేవాడు. "శుక్రారం." "ఏ పూట?" "మాపటి పూట." "ఎన్నింటికి ఇల్లు దాటుతరు?" "మూడున్నరకు." "యాడికి?" "తొట్టి కాడికి." అప్పుడు పుస్తకంలో ఆ పేజీ మూలన ఒక సున్న చుట్టేవాడు. తాను చెప్పినందుకు కాదు ఆ సున్న, వాళ్లు తిరిగి చెప్పినందుకు. ఇంటికి పోతే కోడలు పొలానికి పోయి ఉండి, ఇంకెవరికో చెప్పి రావాల్సి వస్తే ఆ పేజీ ఖాళీగానే ఉండేది. మర్నాడు మళ్లీ పోయేవాడు. బస్సు కదిలే ముందురోజు రాత్రి కందిలి ముందు కూర్చుని పేజీలు తిప్పుతుంటే ఆయన చూసేది సున్నల కోసమే.

దూరపు ఇళ్లకు ఆ పద్ధతి సాగేది కాదు. కొత్తూరుకు పాలు పోసే ఆయనతో కబురు పంపేవాడు. షాద్‌నగర్‌కు పోస్టుకార్డు రాసేవాడు, జవాబు కార్డు రమ్మని అందులోనే రాసేవాడు. తర్వాత ఫోన్లు వచ్చాయి. మన ఇంట్లో ఫోను లేకపోతే పక్కింటి నంబరు ఇచ్చి దాని ముందు పీ.పీ. అని రాసుకునే కాలం అది. పక్కింటివాళ్లు పిలుచుకొస్తే మనవాళ్లు పరుగెత్తుకొచ్చి అందుకునేవాళ్లు. మీటరు తిరుగుతుంటే ఎస్టీడీ బూతులో నిలబడి కూడా ఆయన తిరిగి చెప్పించుకోవడం మానలేదు.

ఒకసారి మాత్రం అది తప్పింది. కొత్తూరు నుంచి మాకు అత్త వరసయ్యే ముసలామె రావాల్సి ఉంది. పెద్దనాయిన తానే చెప్పడానికి పోయిన రోజు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. బడి నుంచి వచ్చిన మనవడికి చెప్పి, పాలాయనతో సాయంత్రం మళ్లీ కబురు పంపుదామనుకున్నాడు. ఆ కబురూ పోలేదు, పిల్లవాడూ చెప్పలేదు. బస్సు కొత్తూరు దగ్గర ఆగితే రోడ్డు మీద ఎవరూ లేరు. పదిహేను నిమిషాలు చూసి కదిలిపోయాం. ఎన్నో ఏళ్ల ముడుపు పసుపు గుడ్డలో దేవుని గూట్లోనే ఉండిపోయింది. తిరిగి వచ్చిన తర్వాత పెద్దనాయిన ఆమెను కాచిగూడలో వెంకటాద్రి ఎక్కించి, తానే వెంటబెట్టుకుని కొండకు తీసుకుపోయి వచ్చాడు. అప్పటినుంచి పుస్తకంలో గీత గీసిన పేర్లలో పిల్లల పేరు ఎప్పుడూ కనిపించలేదు.

మొదట్లో తిరుమలలో దర్శనానికి టైమంటూ ఉండేది కాదు. పోయి వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోవడమే. కంపార్ట్‌మెంటు తలుపు ఎప్పుడు తీస్తే అప్పుడు ముందుకు. ఒక పూట పట్టొచ్చు, ఒక రోజు దాటొచ్చు. అందుకని పెద్దనాయిన ఎవరికీ దర్శనం టైము చెప్పేవాడు కాదు, తిరుగు ప్రయాణమూ ఖాయంగా చెప్పేవాడు కాదు. 2000 దశకంలో సుదర్శనం కంకణాలు వాడుకలోకి వచ్చాక పని మారింది. కౌంటరు దగ్గర ఒక్కొక్కరే చెయ్యి చాపితే మణికట్టుకు ప్లాస్టిక్ పట్టీ కట్టేవాళ్లు. దానిమీద బార్‌కోడు, క్యూలో చేరాల్సిన తేదీ, టైము. ఇక ఆ టైము దాకా కంపార్ట్‌మెంటులో మగ్గాల్సిన పని లేదు. స్నానం చెయ్యొచ్చు, తలనీలాలు ఇవ్వొచ్చు, పడుకోవచ్చు. మా ముసలివాళ్లకు అది నిజంగా పెద్ద సుఖం.

కానీ ఆ సుఖంతోపాటు కొత్త పని వచ్చింది. ఎవరి బదులు ఎవరూ పట్టీ కట్టించుకోలేరు గనుక నలభై మందినీ కౌంటరు ముందు నిలబెట్టాలి. పట్టీ కట్టాక అందరూ చెదిరిపోతారు, మళ్లీ టైముకు కూడగట్టాలి. పైగా పట్టీ మీద టైము దర్శనానిది కాదు, క్యూలోకి చేరేది. ఈ తేడా పట్టక చాలామంది తికమకపడేవాళ్లు. తొమ్మిదని ఉంటే తొమ్మిదికి స్వామి ముందు ఉంటామనుకుని, దాన్నిబట్టి తిరుగు బస్సు లెక్క వేసుకునేవాళ్లు. పెద్దనాయిన ఆ తికమకకు చోటివ్వలేదు. "ఇది గేటు టైము. దేవుని టైము దేవునికే ఎరుక" అని ప్రతివాళ్లకూ చెప్పేవాడు.

నాకు బాగా గుర్తున్న యాత్ర ఒకటి చెబుతాను, ఎందుకంటే ఆయన పద్ధతి విలువ నాకు పూర్తిగా తెలిసింది ఆ రోజే. శుక్రవారం సాయంత్రం ఐదింటికి తొట్టి దగ్గర బయలుదేరాం. కర్నూలు, నంద్యాల, కడప మీదుగా రాత్రంతా ప్రయాణం. శనివారం తెల్లవారి ఆరింటికి తిరుపతి చేరాం. మధ్యాహ్నానికి పట్టీ దొరుకుతుంది, సాయంత్రానికల్లా దర్శనమవుతుంది, రాత్రికి బయలుదేరి ఆదివారం పొద్దున ఇంటికి చేరతాం అని ఇళ్లల్లో చెప్పి వచ్చాం. కౌంటరు దగ్గర పట్టీలు కట్టారు. దాని మీద తేదీ ఆదివారానిది. టైము రాత్రి పన్నెండున్నర.

చదువుకున్నవాళ్లు కూడా తడబడే టైము అది. మన లెక్కలో పొద్దు పొడిస్తేనే కొత్త రోజు. శనివారం రాత్రి పన్నెండున్నరంటే మనకింకా శనివారమే. యంత్రం లెక్కలో పన్నెండు కొట్టగానే ఆదివారం. పట్టీ మీద ఆదివారమని ఉంది, టైము రాత్రిది. రెండూ కలిపి చదివితే ఎవరికైనా ఆదివారం రాత్రి అనే తోస్తుంది. అట్లా అనుకున్నవాడు ఒక పూర్తి రోజు ఆలస్యంగా వస్తాడు.

అప్పటికి మేం రెండు గుంపులుగా విడిపోబోతున్నాం. మొక్కు ఉన్నవాళ్లు అలిపిరి నుంచి మెట్లెక్కి నడుస్తారు. మిగిలినవాళ్లు బస్సులో ఘాట్ రోడ్డు మీద పోతారు. అలిపిరి దారిలో మెట్లు 3,550. ముసలీ ముతకా, పిల్లాపాపలతో ఎక్కితే ఐదారు గంటల పని. నడిచేవాళ్లకు పెద్ద మా అక్క మొగుడు, బావ. పెద్దనాయిన ఆయన్ని పక్కకు పిలిచి టైము చెప్పాడు, తిరిగి చెప్పమన్నాడు. బావ పట్టీ చూసుకుని, "ఆయితారం రాత్రి పన్నెండున్నర మామా. అంటే రేపంత ఖాళీనే" అన్నాడు. ఆ ధైర్యంతో నడిచేవాళ్లను దారిలో ఏదో సత్రంలో పడుకోబెట్టి తీరిగ్గా మర్నాడు తీసుకొచ్చేవాడేమో.

పెద్దనాయిన తేదీ గురించి వాదించలేదు. "తారీకు ఇడిసిపెట్టు అల్లుడా. ఇయ్యాల మాపటికి కొండమీద బువ్వ తింటం. తిని ఒక్క కునుకు తీస్తం. ఆ కునుకులకెళ్లి లేస్తే అదే టైము. రేపటి పొద్దు పొడిసేటాల్లకు మనం లైన్ల ఉంటం. ఇప్పుడు చెప్పు" అన్నాడు. బావ ఒక క్షణం ఆగి, "అంటే ఇయ్యాల రాత్రే" అన్నాడు. "అదీ" అని పుస్తకంలో సున్న చుట్టాడు. తర్వాత బస్సులో పోయే గుంపుకూ అవే మాటలతో చెప్పాడు: బువ్వ, కునుకు, టైము. గడియారం చూడటం రాని ముసలామె కూడా ఆ వరసను తప్పు లేకుండా తిరిగి చెప్పింది.

అక్కడినుంచి ఆయన టైమును వెనక్కి లెక్కబెట్టాడు. పన్నెండున్నరకు గేటు. పన్నెండుకు అందరూ కూడాలి. పదకొండున్నరకు లేపాలి. కనీసం మూడు గంటలు నిద్రపోవాలంటే ఎనిమిదిన్నరకు పడుకోవాలి. ఏడింటికి అన్నదానంలో భోజనం. దానికి ముందే తలనీలాలు, పుష్కరిణి స్నానం, వరాహస్వామి దర్శనం. కల్యాణకట్టలో టోకెన్ తీసుకుని వరసలో కూర్చుంటే రెండు గంటలకు తక్కువ పట్టదు. నడిచేవాళ్లు మధ్యాహ్నం రెండు లోపల కొండ మీదికి చేరితేనే ఇదంతా కుదురుతుంది. అందుకని ఎనిమిదింటికే వాళ్లను అలిపిరిలో మెట్లెక్కించాడు.

కొండ మీద ఎక్కడ కూడాలన్నది ఇంకో లెక్క. అందరికీ తెలిసిన చోటు మహాద్వారం ఎదురుగా బేడి ఆంజనేయస్వామి గుడి, పక్కన కొబ్బరికాయలు కొట్టే అఖిలాండం. అందరికీ తెలిసిన చోటు కనుకే ఆయనకది పనికిరాలేదు. దేశమంతటి నుంచీ వచ్చినవాళ్లు అక్కడే ఒకరినొకరు వెతుక్కుంటుంటారు. మాకు గదులు దొరికిన కాటేజీ మెట్లనే కూడే చోటుగా పెట్టాడు. చెప్పులు అక్కడే వదలాలి, సంచులు అక్కడే పెట్టాలి, దర్శనమయ్యాక తప్పిపోయినా తిరిగి రావాల్సిందీ అక్కడికే. "గుంపులో తప్పిపోతే వెతకొద్దు. ఒకరినొకరు వెతికితే ఇద్దరూ తప్పిపోతరు. మెట్ల కాడికి వచ్చి కూసోండి" అన్నాడు. కాటేజీ పేరు, గది నంబరు చీటీ మీద రాసి ప్రతి ముసలామె కొంగుకు, ప్రతి పిల్లవాడి జేబుకు కట్టించాడు.

ఇంకో పని మిగిలింది, ఇంటికి కబురు. దర్శనం ఆదివారం తెల్లవారుజామున అయితే తిరుపతి నుంచి బస్సు కదిలేది మధ్యాహ్నం. పన్నెండు గంటలు వేసుకున్నా శంషాబాద్ చేరేది మళ్లీ అర్ధరాత్రి దాటాకే. ఆదివారం పొద్దున వస్తామని ఇళ్లల్లో వండి పెట్టి ఎదురుచూస్తుంటారు. పెద్దనాయిన బూతు నుంచి మా బజారులోని కిరాణా దుకాణానికి ఫోను చేశాడు. దుకాణాయనకు కూడా అదే తీరున చెప్పాడు: "ఆయితారం పొద్దుగాల రాము. ఆయితారం అందరు పండుకున్నంక, సోమారం కోడి కుయ్యకముందు వస్తం. ఏదీ, చెప్పు." దుకాణాయన తిరిగి చెప్పాడు. సరుకులకు వచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ ఆ మాటే చేర్చాడు. సోమవారం తెల్లవారుజామున బస్సు తొట్టి దగ్గర ఆగేసరికి సైకిళ్లతో, లాంతర్లతో ఇళ్లనుంచి వచ్చినవాళ్లు నిలబడి ఉన్నారు. నలభై మందిలో ఒక్కరూ గేటు తప్పలేదు.

తర్వాత ఊరు మారింది. 2005 మార్చిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. దాదాపు 5,500 ఎకరాల్లో మూడేళ్లకు విమానాలు దిగాయి. భూములు పోయినవాళ్లు, వచ్చిన డబ్బుతో పట్నం దిక్కు ప్లాట్లు కొనుక్కున్నవాళ్లు, పిల్లల చదువులకని అత్తాపూర్, రాజేంద్రనగర్ చేరినవాళ్లు, ఇట్లా మా బంధువర్గం చెదిరింది. రోడ్డు వెడల్పయింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. తొట్టి ఉన్న జాగా ఇప్పుడు సర్వీసు రోడ్డు కింద ఉంది. ఎడమ పక్కన కాసేపు బస్సు ఆపి ముసలివాళ్లను ఎక్కించుకునే వీలే ఆ రోడ్డు మీద లేకుండా పోయింది. ఇంటింటికీ తిరిగి చెప్పడానికి ఇళ్లు ఒక్కచోట లేవు.

దర్శనం పద్ధతీ మారింది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఒకసారికి ఆరుగురికే. అందరూ ఒకేసారి ఎగబడతారు కనుక ఒక ఆరుగురికి పొద్దున పదింటికి దొరికితే ఇంకో ఆరుగురికి సాయంత్రం నాలుగింటికి, ఇంకో ఆరుగురికి మర్నాడు. నలభై మంది ఒక్క టైముకు ఒక్క గేటు దగ్గర నిలబడటమనేది దాదాపు కుదరని పని. చేరాల్సిన చోటు కూడా టికెట్టును బట్టి మారుతుంది. ఈ మధ్య ఏళ్లలో 300 రూపాయల టికెట్టువాళ్లు ఏటీసీ సర్కిల్ దగ్గరికి, తిరుపతిలో ఉచిత టోకెన్ తీసుకున్నవాళ్లు కృష్ణతేజ దగ్గరికి పోవాల్సి ఉంటున్నది. ఒకే ఇంటివాళ్లు రెండు రకాల టికెట్లతో వస్తే రెండు చోట్ల చేరాలి. అందుకే మావాళ్లు ఇప్పుడు ఎవరి ఆరుగురితో వాళ్లు పోతున్నారు. కొందరు శంషాబాద్‌లోనే విమానమెక్కి గంటలో రేణిగుంటలో దిగుతున్నారు.

మంచే జరిగింది. కంపార్ట్‌మెంటులో ఒక రోజంతా కూర్చున్న కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను. ముసలివాళ్లు రాత్రంతా బస్సు సీట్లో నడుము నొప్పితో కూర్చోవడమూ వద్దు. వాట్సాప్ గ్రూపులో టికెట్టు ఫోటో పెడితే అందరికీ తేదీ, టైము, చోటు అక్షరం పొల్లుపోకుండా చేరుతున్నాయి. పెద్దనాయిన వారమంతా తిరిగి చేరేసిన మాట ఒక్క క్షణంలో చేరుతున్నది. అయినా తప్పులు ఎందుకు జరుగుతున్నాయో చూస్తే, అవే పాత తప్పులు. మొన్న మా చుట్టాల్లో ఒకరు కాశీకి బయలుదేరారు. శంషాబాద్ నుంచి విమానం రాత్రి పన్నెండు దాటాక నలభై నిమిషాలకు. టికెట్టు మీద పదిహేనో తేదీ. పదిహేనో తేదీ రాత్రి భోంచేసి తీరిగ్గా విమానాశ్రయానికి చేరారు. విమానం ముందురోజు రాత్రే వెళ్లిపోయింది. టికెట్టు ఫోటో గ్రూపులో అందరూ చూశారు. చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పద్నాలుగో తారీకు రాత్రి బువ్వ తినంగనే బయలెల్లాలె అని ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పించుకోలేదు.

ఇంకోటి. ఫోను ఎంత గొప్పదైనా తిరుమలలో క్యూలోకి పోయే ముందు దాన్ని అప్పజెప్పాల్సిందే. సరిగ్గా మనుషులు తప్పిపోయే చోట, జనం ఒత్తిడిలో ఒకరి చెయ్యి ఒకరు వదిలేసే చోట, ఎవరి దగ్గరా ఫోను ఉండదు. దర్శనమయ్యాక ఎక్కడ కూడాలన్నది లోపలికి పోకముందే నోటితో చెప్పుకుని ఉండాలి. లడ్డూ కౌంటరు దగ్గర అనుకుంటే అక్కడ వేలమంది. ఫోన్లు తిరిగి ఇచ్చే చోట అనుకుంటే, రసీదు ఒకరి దగ్గర, మనిషి ఇంకో దగ్గర. నిరుడు మావాళ్లు నలుగురు ఇట్లాగే రెండు గంటలు తిరిగి, చివరికి గది దగ్గర కలిశారు. గది దగ్గరికి రమ్మని ముందే ఒక్కమాట అనుకుని ఉంటే ఆ రెండు గంటలూ మిగిలేవి.

కబురు అందరికీ చేరడం వేరు, చేరిందో లేదో చూసుకునే మనిషి ఉండటం వేరు. పెద్దనాయిన కాలంలో ఈ రెండూ ఒక్కడి మీదే ఉండేవి. ఎవరు రాకపోయినా అది ఆయన తప్పే. కొత్తూరు ముసలామె తప్పిపోతే పిల్లవాణ్ణి ఎవరూ తిట్టలేదు, పాలాయన్ని ఎవరూ అడగలేదు. పెద్దనాయినే మళ్లీ టికెట్టు కొని తీసుకుపోయాడు. ఇప్పుడు గ్రూపులో పెట్టినవాడు పెట్టాననుకుంటాడు, చూసినవాడు చూశాననుకుంటాడు. తప్పిపోయినవాళ్ల బాధ్యత తప్పిపోయినవాళ్లదే. బస్సు పోయింది, తొట్టి పోయింది, ఖాతా పుస్తకం పోయింది. వాటికంటే, ఈ నలభై మందీ నా లెక్క అని మీద వేసుకునే మనిషి పోవడమే నాకు పెద్ద లోటుగా తోస్తుంది.

ఆ మనిషిని మళ్లీ తెచ్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి యాత్రకూ ఇంట్లో ఒకరు ఆ పని తమదని ఒప్పుకోవాలి. టికెట్టు ఫోటోతోపాటు ఇల్లు దాటాల్సిన టైము ఏ ఇంటికి ఆ ఇంటిది చెప్పాలి. అర్ధరాత్రి దాటిన టైమైతే ఏ రోజు భోజనం చేసి బయలుదేరాలో చెప్పాలి. అట్లాంటిది ఇంకోటి లేని చోటును కూడే చోటుగా పెట్టాలి, ఫోన్లు ఇచ్చేసే ముందు దాన్ని ఇంకోసారి అందరి నోటా అనిపించాలి. గ్రూపులో బదులు పెట్టని పెద్దవాళ్లకు ఫోను చేసి, చెప్పి ఊరుకోకుండా, "ఏదీ, చెప్పు అత్తమ్మా, ఏ దినం, ఏ పూట, యాడికి?" అని అడగాలి. ఆమె తప్పు చెబితే అప్పుడే దిద్దొచ్చు. గేటు దగ్గర దిద్దలేం.